మెయిళ్లు ఆపినా డబ్బు ఎందుకు పోతోంది? తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో నాది చిన్న ఆన్‌లైన్ సేవల దుకాణం. దరఖాస్తులు, బిల్లులు, టికెట్ల పనే ఎక్కువ. కొన్నాళ్లుగా బ్యాంకు పాస్‌బుక్కు పట్టుకుని వచ్చేవారు కూడా కనిపిస్తున్నారు. "ఫలానా న్యూస్‌లెటర్ వద్దని ఎప్పుడో ఆపేశాను, అయినా నెలనెలా డబ్బు కోస్తున్నారు" అని వారి ఫిర్యాదు. వారిలో చాలామంది ఆపింది మెయిళ్లను, చందాను కాదు. తరచూ నన్ను అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

మెయిల్‌లో Unsubscribe నొక్కాను. డబ్బు కూడా ఆగాలి కదా?

ఆగదు. ఆ బటన్‌కు తెలిసింది మీ మెయిల్ చిరునామా ఒక్కటే. దాన్ని నొక్కితే న్యూస్‌లెటర్ వారి పంపిణీ జాబితా నుంచి మీ చిరునామా తొలగిపోతుంది. మీరు చందాదారు అన్న సంగతి మాత్రం వారి దగ్గర ఇంకో పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ పుస్తకాన్ని ఈ బటన్ ముట్టుకోదు.

తికమకంతా Subscribe అనే ఇంగ్లీషు మాట వల్లే వస్తోంది. ఉచితంగా మెయిళ్లు తెప్పించుకోవడాన్నీ, డబ్బు కట్టి సభ్యులు కావడాన్నీ వారు ఒకే మాటతో పిలుస్తారు. తెలుగులో మనకు చందా అనే చక్కని మాట ఉంది. చందా అంటే డబ్బుతో కూడినదని ఎవరూ చెప్పనక్కరలేదు. మెయిళ్లు రావడాన్ని "జాబితాలో ఉండటం" అనీ, డబ్బు కట్టడాన్ని "చందా" అనీ మనసులో విడదీసుకుంటే సగం చిక్కు అక్కడే వీడుతుంది.

దినపత్రిక వద్దంటే బిల్లు కూడా ఆగుతుంది. ఇక్కడ ఎందుకు ఆగదు?

పేపరు ఏజెంటు ముందు పత్రిక వేస్తాడు, నెలాఖరున వచ్చి డబ్బు అడుగుతాడు. "పదో తేదీ నుంచి వేయలేదు కదా" అని మీరు అంటే లెక్క అక్కడికక్కడే తేలిపోతుంది. ఆన్‌లైన్ చందాలో వరుస దీనికి తలకిందులు. చేరిన రోజునే మీరు పిన్ కొట్టి, "ప్రతి నెలా ఈ తేదీన ఇంత తీసుకోండి" అని మీ బ్యాంకుకు ముందస్తు అనుమతి ఇచ్చేశారు. దాన్నే ఇ-మాండేట్ అంటారు, యూపీఐలో అయితే ఆటోపే. ఆ తర్వాత గుమ్మం ముందుకు వచ్చి అడిగేవారు ఉండరు. మీరు సంచిక చదివారా, అసలు అది మీకు చేరిందా అని బ్యాంకు చూడదు. అనుమతి ఉందా, తేదీ వచ్చిందా అన్నదే చూస్తుంది.

కాబట్టి మీ వ్యవహారం మూడు చోట్ల నమోదై ఉంటుంది: మెయిళ్ల జాబితాలో, న్యూస్‌లెటర్ వారి చందా ఖాతాలో, మీ బ్యాంకు లేదా యూపీఐ యాప్‌లోని మాండేట్‌లో. ఒకచోట కొట్టివేసినంత మాత్రాన మిగతా రెండు చోట్లా దానంతట అదే చెరిగిపోతుందని అనుకోకూడదు.

మెయిల్‌లోని ఆ బటన్ లోపల నిజంగా ఏం జరుగుతుంది?

కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఏదైనా న్యూస్‌లెటర్ మెయిల్‌కు కుడివైపున్న మూడు చుక్కలు నొక్కి, `Show original` ఎంచుకోండి. మెయిల్ వెనుక దాగిన సమాచారం కనిపిస్తుంది. చాలావాటిలో ఇలాంటి రెండు వరుసలు ఉంటాయి:

```
List-Unsubscribe: <https://example.com/u/abc123>
List-Unsubscribe-Post: List-Unsubscribe=One-Click
```

పంపినవారి పేరు పక్కన జీమెయిల్ చూపే బటన్ ఈ వరుసల ఆధారంగానే పనిచేస్తుంది. మీరు నొక్కగానే ఆ చిరునామాకు చిన్న కబురు వెళ్తుంది: "ఈ వ్యక్తిని జాబితా నుంచి తీసేయండి". అంతే. అందులో మీ చందా సంఖ్య లేదు, మాండేట్ సంఖ్య లేదు, డబ్బు ఊసే లేదు.

2024లో గూగుల్, యాహూ సంస్థలు పెద్ద సంఖ్యలో ప్రచార మెయిళ్లు పంపేవారందరికీ ఈ ఒక్క నొక్కు సదుపాయాన్ని తప్పనిసరి చేశాయి. అనవసర మెయిళ్ల బెడద తగ్గడానికి అది మంచి నిబంధన. అయితే బటన్ ఇప్పుడు కంటికి ఎదురుగా, వేలికి అందేలా ఉంది. చందా రద్దు చేసే చోటు మాత్రం ఖాతాలో నాలుగైదు పేజీల లోపల ఉంది. ముందు కనిపించిన దాన్నే నొక్కి, పని అయిపోయిందనుకోవడం మానవ సహజం. ఇందులో మిమ్మల్ని మీరు నిందించుకోవలసింది ఏమీ లేదు.

ఇలా ఎవరికైనా జరిగిందా? లెక్కతో చెప్పండి.

మా దుకాణానికి వచ్చే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి సంగతి చెబుతాను. ఆయన షేర్ మార్కెట్ గురించి రాసే ఒక ఇంగ్లీషు న్యూస్‌లెటర్‌లో జనవరి 12న చేరారు. నెలకు 299 రూపాయలు, యూపీఐ ఆటోపే. రెండు నెలలకు పైగా చదివారు. కళ్లకు శ్రమగా ఉందని మార్చి 20న జీమెయిల్‌లో Unsubscribe నొక్కారు. ఆ రోజు నుంచి సంచికలు ఆగిపోయాయి. ఆగాయి గనుక చందా కూడా ముగిసిందని ఆయన నిశ్చింతగా ఉన్నారు.

జూలై చివరి వారంలో పాస్‌బుక్కు ముద్రింపించుకుంటే ఏప్రిల్, మే, జూన్, జూలై నెలల్లో 12వ తేదీన వరుసగా 299 కనిపించింది. నాలుగు నెలలకు 1,196 రూపాయలు. నా బల్ల మీద పాస్‌బుక్కు తెరిచి, ఆ నాలుగు వరుసల కింద పెన్సిలుతో గీత గీసి, "బాబూ, వద్దన్న దానికి కూడా పైసలు పడతాయా?" అని అడిగారు.

ఆయన ఫోనులో సందేశాలు వెతికాం. ప్రతి నెలా 11వ తేదీన "రేపు ఇంత మొత్తం తీసుకుంటాం" అన్న ముందస్తు సమాచారం వచ్చి ఉంది, నాలుగూ చదవకుండానే ఉన్నాయి. న్యూస్‌లెటర్ పేరు బదులు దాన్ని నడిపే కంపెనీ పేరు ఉండటంతో ఏదో ప్రకటన అనుకున్నారట. మెయిల్‌లోనూ రసీదులు నాలుగు ఉన్నాయి. అవి వేరే పేరుతో, వేరే చిరునామా నుంచి వచ్చి అప్‌డేట్స్ విభాగంలో పడి ఉన్నాయి. రసీదులు లావాదేవీకి సంబంధించినవి కాబట్టి ప్రచార జాబితా నుంచి తప్పుకున్నా వస్తూనే ఉంటాయి. చందా బతికే ఉందనడానికి అంతకన్నా గట్టి గుర్తు లేదు.

మరి సరిగ్గా ఆపాలంటే ఏ వరుసలో చేయాలి?

ముందు చందా, తర్వాత మాండేట్, అన్నిటికన్నా చివర మెయిళ్లు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

న్యూస్‌లెటర్ వెబ్‌సైటులో మీ ఖాతాలోకి వెళ్లండి. ఖాతా, చందా, బిల్లింగ్ లాంటి పేర్లున్న పేజీ కోసం చూడండి. ఇంగ్లీషులో `Manage subscription` లేదా `Billing` అని ఉండవచ్చు. అందులో `Cancel subscription` లేదా `Cancel plan` ఉంటుంది. నొక్కాక వెంటనే అయిపోదు. ఎందుకు వెళ్తున్నారని అడుగుతారు, సగం ధరకు ఇస్తామంటారు, కొన్నాళ్లు ఆపి ఉంచమంటారు. చివరి పేజీలో రద్దు అయిందని స్పష్టంగా కనిపించే దాకా ముందుకు సాగాలి. మధ్యలో ఫోను పక్కన పెడితే చందా అలాగే ఉండిపోతుంది.

రద్దు అయిందో లేదో తెలుసుకునే గుర్తు ఒకటి ఉంది. అదే బిల్లింగ్ పేజీని మళ్లీ తెరవండి. ముందు `Renews on` అని తేదీ ఉన్న చోట ఇప్పుడు `Ends on` లాంటి మాట రావాలి. అంటే ఆ తేదీకి పునరుద్ధరణ ఉండదు, చందా ముగుస్తుంది. మాస్టారి ఖాతాలో జూలై 28న రద్దు చేశాక ఆగస్టు 12 పక్కన ఈ మాట మారింది. కట్టిన నెల పూర్తయ్యే దాకా చదువుకునే వీలు సాధారణంగా ఉంటుంది. అందుకని తేదీ ముందుందని కంగారు పడవద్దు. ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

మెయిళ్లను చివర ఆపమనడానికి కారణం ఉంది. చందా రద్దయిందన్న ధ్రువీకరణ మెయిల్ మీకు చేరాలి. పైగా కొన్ని న్యూస్‌లెటర్లకు పాస్‌వర్డే ఉండదు, లోపలికి వెళ్లే లింకును మెయిల్‌కే పంపుతారు. మీరు ముందే ఆ పంపినవారిని బ్లాక్ చేసినా, స్పామ్ అని గుర్తు పెట్టినా ఆ లింకు స్పామ్‌లో పడుతుంది. రద్దు చేయడానికి తలుపు తాళంచెవిని మీరే బావిలో వేసుకున్నట్టు అవుతుంది.

యూపీఐ యాప్‌లో ఆటోపే ఎక్కడ ఉంటుంది?

ఫోన్‌పే, గూగుల్ పే రెండింటిలోనూ మీ ఫోటో ఉన్న గుండ్రటి గుర్తు నొక్కి లోపలికి వెళ్తే `Autopay` అనే విభాగం ఉంటుంది. మిగతా యాప్‌లలో ఇదే పేరుతోనో మాండేట్ అనే పేరుతోనో ఉంటుంది. న్యూస్‌లెటర్ పేరు కనిపించకపోతే మొత్తాన్ని, తేదీని బట్టి పోల్చుకోండి. దాన్ని తెరిచి రద్దు ఎంచుకుంటే పిన్ అడుగుతుంది. పిన్ కొట్టాక స్థితి మారిందో లేదో చూసుకోండి. చందాలో చేరినప్పుడు ఏ యాప్‌లో పిన్ కొట్టారో మొదట అందులోనే వెతకండి. ఇప్పుడు వాడుతున్న యాప్ వేరే కావచ్చు.

మాండేట్ వివరాల్లో 299కి బదులు 5,000 లేదా 15,000 రూపాయలు కనిపిస్తే భయపడకండి. అది గరిష్ఠ పరిమితి మాత్రమే, నెలనెలా తీసే మొత్తం కాదు. రిజర్వు బ్యాంకు 2022 జూన్‌లో, ప్రతిసారీ అదనపు ధ్రువీకరణ అడగకుండా తీసుకోగల మొత్తాన్ని 15,000 రూపాయలకు పెంచింది. చాలామంది ఆ అంకెనే పరిమితిగా పెడుతున్నారు. అయితే ముగింపు తేదీ మాత్రం చూడండి. అది ఎన్నో ఏళ్ల తర్వాతకి ఉంటే, మీరు ఆపితే తప్ప మాండేట్ ఆగదన్నమాట.

కార్డుతో కట్టాను. నాకు ఆటోపే కనిపించడం లేదు.

అప్పుడు మాండేట్ మీ కార్డు ఇచ్చిన బ్యాంకు దగ్గర ఉంటుంది. బ్యాంకు యాప్‌లో గానీ నెట్ బ్యాంకింగ్‌లో గానీ కార్డుల విభాగంలో ఇ-మాండేట్ లేదా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ అనే పేరుతో చూడండి. ఎప్పుడైనా వెనక్కి తీసుకునే ఆన్‌లైన్ సౌకర్యం బ్యాంకు కల్పించి తీరాలని రిజర్వు బ్యాంకు నిబంధన.

అదే నిబంధన ప్రకారం డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. ఎవరికి, ఎంత, ఎప్పుడు, ఎందుకు అన్నది అందులో ఉండాలి. ఆ ఒక్క చెల్లింపునైనా, మొత్తం మాండేట్‌నైనా ఆపే వీలు కూడా ఇవ్వాలి. కాబట్టి మెయిళ్లు ఆపినా ఈ సందేశాలు వస్తాయి, ఎందుకంటే వీటిని పంపించేది న్యూస్‌లెటర్ వారు కాదు. చదవకుండా తుడిచేయవద్దని అందరికీ మనవి చేస్తున్నాను.

మాండేట్ ఒక్కటి రద్దు చేస్తే చాలదా? డబ్బే పోదు కదా.

డబ్బు పోవడం ఆగుతుంది. చందా మాత్రం వారి దగ్గర తెరిచే ఉంటుంది. గడువు రాగానే వారి వ్యవస్థ ప్రయత్నిస్తుంది, విఫలమవుతుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది. "చెల్లింపు జరగలేదు, కార్డు వివరాలు మార్చండి" అని మెయిళ్లు వస్తూనే ఉంటాయి. కొన్ని ప్రయత్నాల తర్వాత చాలా సంస్థలు చందాను తామే ముగిస్తాయి. కొందరు అదే ఖాతాలో మరో కార్డు ఉంటే దాని మీద ప్రయత్నించవచ్చు. గడువు రేపే ఉండి, వెబ్‌సైటు తెరుచుకోకపోతే మాత్రం ముందు మాండేట్ ఆపండి, చందా పని తర్వాత చూసుకోవచ్చు. ఈ ఒక్క సందర్భంలో వరుస మార్చమంటాను.

ఫోనులో యాప్ ద్వారా చేరాను. వెబ్‌సైటులో రద్దు బటన్ లేదు.

డబ్బు గూగుల్ లేదా యాపిల్ ద్వారా వెళ్తోందన్నమాట. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ తెరిచి, ఫోటో నొక్కి, `Payments & subscriptions`, ఆపై `Subscriptions`. ఐఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, పైన మీ పేరు నొక్కి, `Subscriptions`. రద్దు అక్కడే చేయాలి, న్యూస్‌లెటర్ వారిని ఎన్ని మెయిళ్లు రాసి బతిమాలినా ఆ చెల్లింపును ఆపే పని మీదే. యాప్‌ను ఫోనులోంచి తీసేసినా చందా ఆగదు. గడువుకు కనీసం ఒక రోజు ముందే పూర్తి చేయండి.

ఒక్క రూపాయితో పరీక్షించి చూడమన్నారు. అది కూడా చందాయేనా?

ఆ ఒక్క రూపాయికి మీరు పిన్ కొట్టినప్పుడు ఆటోపే అనుమతి కూడా అడిగి ఉంటే, అవును. గడువు దాటగానే పూర్తి మొత్తం పోతుంది. మెయిళ్లు ఆపడం వల్ల ఇది కూడా ఆగదు. చేరిన రోజే రద్దు చేసేయండి, చాలాచోట్ల మిగిలిన పరీక్షా దినాలు చదువుకోనిస్తారు.

ఏడాది చందా తీసుకున్నాను. జాగ్రత్తలు వేరా?

అవే, కానీ ప్రమాదం ఎక్కువ. నెలవారీ అయితే పాస్‌బుక్కులో త్వరగా దొరికిపోతుంది. ఏడాది చందాలో పన్నెండు నెలల పాటు ఏమీ కనిపించదు, మెయిళ్లు ఆగి ఉంటాయి, మనం మరచిపోతాం. ఏడాది నిండగానే ఒకేసారి పెద్ద మొత్తం పోతుంది. ఏడాది చందా వద్దనుకున్న రోజే రద్దు చేయండి, గడువు దాకా ఆగనక్కరలేదు.

పోయిన డబ్బు తిరిగి వస్తుందా?

అడగాలి, హామీ లేదు. చాలా సంస్థల నిబంధనల్లో మెయిళ్లు ఆపడం చందా రద్దు కాదనే ఉంటుంది. అలాగని చేతులు కట్టుకుని కూర్చోవద్దు. మాస్టారి తరఫున నేను రాసిన మెయిల్‌లో ఉన్నవి ఇవి: చందాకు వాడిన మెయిల్ చిరునామా, మెయిళ్లు ఆపిన తేదీ, నాలుగు చెల్లింపుల తేదీలు, ప్రతిదానికీ 12 అంకెల యూపీఐ రిఫరెన్సు సంఖ్య. ఆపై ఒక్క వాక్యం: "మార్చి 20 తర్వాత మీరు నాకు ఒక్క సంచిక కూడా పంపలేదని మీ రికార్డుల్లోనే ఉంటుంది, చదవని నెలలకు తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వగలరు." కోపంతో రాసిన పేజీ కన్నా, వారు తమ దగ్గరే సరిచూసుకోగల ఈ మాట ఎక్కువ పనిచేసింది. ఆరు రోజుల్లో రెండు నెలల సొమ్ము 598 రూపాయలు వెనక్కి వచ్చాయి. మిగతా 598 రాలేదు.

బ్యాంకుకు వెళ్లి "ఇది నాకు తెలియకుండా జరిగిన మోసం" అని రాయకండి. చేరినప్పుడు పిన్ కొట్టింది మీరే గనుక అది నిజం కాదు, ఫిర్యాదు నిలబడదు. రద్దు చేసిన రుజువు చేతిలో ఉండి, ఆ తర్వాత కూడా డబ్బు పోతే సంగతి వేరు. అప్పుడు సంస్థకు, బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. మాండేట్ ఆపినా బ్యాంకు డబ్బు ఇచ్చేసి, 30 రోజుల్లో పరిష్కరించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు.

రద్దు చేసే దారే దొరక్కుండా దాచిపెట్టారు. ఎవరికి చెప్పాలి?

జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం, 1915. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు ప్రకటించింది. అందులో పేర్కొన్న 13 రకాల మాయోపాయాల్లో చందా ఉచ్చు ఒకటి. రద్దును అసాధ్యంగానో అతి క్లిష్టంగానో చేయడం, రద్దు మార్గాన్ని దాచడం, రద్దు సూచనలను అర్థం కాకుండా రాయడం దాని కిందికే వస్తాయి. ఫోను చేసే ముందు మీరు ఎక్కడెక్కడ నొక్కారో, ఏ పేజీ దగ్గర దారి మూసుకుపోయిందో వరుసగా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోండి.

రద్దు పేజీలో నా చందాయే కనిపించడం లేదు. "మీకు చందా లేదు" అంటోంది.

చాలావరకు మీరు వేరే మెయిల్ చిరునామాతో లోపలికి వెళ్లి ఉంటారు. ఉచిత మెయిళ్లకు ఒక చిరునామా, డబ్బు కట్టినప్పుడు ఇంకొకటి ఇచ్చినవారు చాలామంది ఉన్నారు. పిల్లల ఫోనులో చేరినప్పుడు ఇది మరీ మామూలు. డబ్బు పోయిన తేదీన ఏ మెయిల్‌కు రసీదు వచ్చిందో చూడండి. ఆ చిరునామాతోనే లోపలికి వెళ్లండి. రసీదు అడుగున చందా నిర్వహణ లింకు కూడా సాధారణంగా ఉంటుంది. మాస్టారికి కూడా చివరికి దారి దొరికింది అప్‌డేట్స్ విభాగంలో పడి ఉన్న ఆ జూలై రసీదులోనే.